ఎవరూ చదవని పేరా

విజయసారథి పంపిన ప్రెస్ నోట్‌ను ఎలా గుర్తుపడతారని నంద్యాలలో ఏ విలేకరిని అడిగినా ఒకటే జవాబు చెబుతాడు. పేరు చూడక్కర్లేదు, తోక చూస్తే చాలు.

తోక అంటే నోట్ చివర "సంస్థ గురించి" అని ఉండే పేరా. ఏ కంపెనీ అయినా పత్రికలకు ఒక కబురు పంపితే, ఆ కంపెనీ ఏమిటో, ఏం చేస్తుందో తెలియనివాళ్ల కోసం అడుగున రెండు ముక్కలు రాస్తుంది. లోకమంతా రాసేది రెండు ముక్కలే. భవనాశి సీడ్స్ వాళ్ల తోక మాత్రం కొండవీటి చాంతాడు. పైన ఉన్న వార్త నూట ముప్పై మాటలైతే, కింద తోక రెండు వందల పద్నాలుగు. ఆ లెక్క తర్వాత వేరేవాళ్లు వేశారు. విజయసారథి ఎప్పుడూ వేయలేదు, వేయాలని తోచలేదు కూడా.

ఆయనకు యాభై రెండేళ్లు. నుదుట ఎర్రటి నిలువు గీత, జేబులో రెండు పెన్నులు, మాటలో తొందర లేకపోవడం. ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ "సామి". ఊరు అహోబిలం. తండ్రి లక్ష్మీనరసింహం గుళ్లో పల్లకి ముందు నిలబడి స్వామి బిరుదులు చదివే సేవ చేసేవారు. ఆ సేవకు ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. బిరుదు చేర్చవచ్చు గానీ తీయకూడదు. విజయసారథి పన్నెండో ఏట ఒకసారి నాయన పక్కన నిలబడి చదువుతూ నడుమ ఒక్క బిరుదు మింగేశాడు. పల్లకి ఆగలేదు, భక్తులకు తెలియలేదు. ఇంటికి వచ్చాక నాయన మాత్రం వాకిట్లో నిలబెట్టి మొదటినుంచి మూడుసార్లు చదివించి గానీ అన్నం పెట్టనివ్వలేదు.

ఆ చదువే ఆయనకు ఉద్యోగం తెచ్చింది. కోయిలకుంట్ల దగ్గర పెద్ద రైతు శేషయ్య నంద్యాలలో విత్తనాల కంపెనీ పెట్టిన ఆరేళ్లకు, పత్రికలకు నాలుగు మాటలు చక్కగా రాసేవాడి కోసం వెతుకుతుంటే ఎవరో అహోబిలం కుర్రవాణ్ణి చూపించారు. ఇరవై రెండేళ్ల కిందటి మాట. మొదటి నోట్‌లో "సంస్థ గురించి" మూడు లైన్లే. మరుసటి ఏడాది జిల్లా స్థాయిలో ఏదో ప్రశంసాపత్రం వచ్చింది, అది చేరింది. హైదరాబాదులో ఒక హాలు అద్దెకు తీసుకుని ఎవరో పంచిన "జాతీయ గౌరవం" వచ్చింది, అదీ చేరింది. నాణ్యత సర్టిఫికెట్టు, శేషయ్యకు సన్మానం, ప్రముఖ, అగ్రగామి, రైతుల గుండెల్లో కొలువైన, అన్నీ ఒకదాని వెనక ఒకటి పల్లకి ముందు నడిచినట్టు వచ్చి నిలబడ్డాయి. ఏదీ వెనక్కి పోలేదు. ఎందుకు పోతుంది? తీయడం ఆ ఇంట లేదు.

అన్నిటిలోకీ ఆయనకు ముద్దు వచ్చిన వాక్యం ఒకటుంది. ఆళ్లగడ్డలో కంపెనీ ఒక చిన్న పరీక్ష కేంద్రం తెరిచినప్పుడు రాసింది. "ఆళ్లగడ్డ బస్టాండు వెనక ఉన్న మా కేంద్రంలో రైతులెవరైనా తమ ఇంటి విత్తనాన్ని ఉచితంగా మొలక పరీక్ష చేయించుకోవచ్చు." విత్తే ముందు గింజలు నూరు లెక్కపెట్టి, తడి కాగితంలో చుట్టి, వారం చూసి, నూటికి ఎన్ని మొలిచాయో రాసిచ్చేవాళ్లు. మిగతా తోకంతా బాజాబజంత్రీలు గానీ ఇది మాత్రం నిజంగా మనిషికి పనికొచ్చే మాట అని ఆయన అనుకునేవాడు. అనుకోవడంలో తప్పు లేదు, కేంద్రం ఉన్నంతకాలం.

డిసెంబరు మొదటివారంలో హైదరాబాదు నుంచి ఒక పెద్ద పత్రిక వ్యాపార పేజీ విలేకరి ఫోన్ చేసింది. విజయసారథికి కాదు, నేరుగా సందీప్‌కు. శేషయ్య కొడుకు, మూడేళ్లుగా కంపెనీ ఆయనే చూస్తున్నాడు. ఆమె మర్యాదగానే అడిగింది. మీ అక్టోబరు నోట్‌లో పద్దెనిమిది వేల మంది రైతులని ఉంది, నవంబరు ఇంగ్లీషు నోట్‌లో ఇరవై ఐదు వేలని ఉంది. ఒకదాంట్లో కంపెనీ పుట్టింది తొంభై నాలుగు, ఇంకోదాంట్లో తొంభై ఆరు. ఏది వేసుకోమంటారు?

సందీప్ ఏ రెండూ వద్దని చెప్పి ఫోన్ పెట్టేసి, శ్రీవాణిని పిలిచాడు. శ్రీవాణి ఆ ఏడాదే చేరిన అమ్మాయి, కంపెనీ వెబ్‌సైటూ బ్రోచర్లూ చూసుకుంటుంది. ఎక్కడెక్కడ "సంస్థ గురించి" ఉందో అన్నీ ఏరుకురమ్మన్నాడు.

రెండు రోజుల్లో ఏరింది. వెబ్‌సైట్‌లో ఒకటి, బ్రోచర్‌లో ఒకటి, ఇంగ్లీషు నోట్లలో ఒకటి, తెలుగు నోట్లలో నాలుగు రకాలు, డీలర్ల వాట్సాప్ గ్రూపులో ఒకటి, పాత లెటర్‌హెడ్డు ఫైల్లో ఒకటి. తొమ్మిది తోకలు. కంపెనీ పేరే మూడు రకాలుగా ఉంది. ఒక దాంట్లో ఉన్న ఫోన్ నంబరుకు చేస్తే కర్నూలులో ఒక టైలరు ఎత్తాడు. అన్నీ టేబుల్ మీద వరసగా పరిచింది. సందీప్, విజయసారథి, శ్రీవాణి, ముగ్గురే గదిలో.

"ఎందుకిట్లయింది సామీ?" అన్నాడు సందీప్. గొంతులో కోపం లేదు, విసుగుంది.

"ఎప్పుడు నోట్ రాసినా కిందటి నోట్ తెరిచి, పై వార్త మారుస్తామప్పా. తోక దాని పాటికి అదే వస్తుంది" అన్నాడు విజయసారథి. "అయినా దాన్నెవురు సదువుతారు? పేపర్లోళ్లు ముందు కోసేది దాన్నే."

అది నిజమే. ఇరవై రెండేళ్లలో ఆ పేరా అచ్చయిన పెద్ద పత్రిక లేదు. విలేకరులు తోక కోసి వార్త వేసుకునేవాళ్లు. ఎవరూ చదవరు కాబట్టే ఆయన దానికి అన్ని నగలు పెట్టాడేమో, ఎవరూ చదవరు కాబట్టే ఒక్కసారి కూడా తిరిగి చూడలేదేమో.

శ్రీవాణి ఒక కాగితం మీద వేలు పెట్టింది. "సార్, ఈ ఆళ్లగడ్డ కేంద్రం అన్నిట్లోనూ ఉంది. ఇప్పుడుందా?"

సందీప్ తలెత్తాడు. "యాడుంది? రెండేళ్లాయె మూసి. మిషన్లన్నీ ఇక్కడికి తెచ్చినాం గదా. ఇప్పుడది గోదాము." కాగితం లాక్కుని చదివాడు. "ఇది అచ్చయిందా యాడన్నా?"

శ్రీవాణి ఫోన్‌లో చూపించింది. నంద్యాలలో వచ్చే ఒక చిన్న పత్రిక. దాని విలేకరి అజయ్ కుమార్‌కు పేజీ నింపడమే గండం. ఏ నోట్ వచ్చినా తలనుంచి తోకదాకా వేసేస్తాడు. రెండేళ్లలో పద్నాలుగుసార్లు ఆ వాక్యం అచ్చయింది. చివరిది అక్టోబరులో, సరిగ్గా శనగ విత్తే రోజుల్లో.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని సామెత. విజయసారథి తడుముకోలేదు. అంతకంటే చెడ్డ పని చేశాడు.

"అది నేను పంపింది కాదప్పా. అజయ్ కుమార్ దగ్గర పాత కాపీ ఉంటాది, వానిపాటికి వాడు అతికించుకుంటాండాడు" అన్నాడు.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. అనుకోకుండా నోట్లోంచి జారింది, జారాక తీసుకోలేదు. శ్రీవాణి ఏదో అనబోయి ఆగింది. ఆమె చేతిలో ఆయనే పంపిన అక్టోబరు మెయిల్ ఉంది, అందులో ఆ వాక్యం ఉంది. పెద్దాయన మాట కాదనలేక ఆ కాగితాన్ని మిగతావాటి కిందికి తోసింది. ఆ తోయడం విజయసారథి చూశాడు. చెంపదెబ్బ తగిలినా అంత మంట పుట్టేది కాదు.

"అట్లయితే ఆయనకు నోట్లు పంపడం ఆపేయండి" అన్నాడు సందీప్. "విలేకరుల వాట్సాప్ గ్రూపులోంచి తీసేయండి. మీరిద్దరూ ఒకసారి ఆళ్లగడ్డ పోయి, ఆడ ఇప్పుడేముందో చూసి రాండి. ఉన్నదే రాద్దాం, లేనిది ఒక్క ముక్క వద్దు."

ఆ సాయంత్రమే అజయ్ కుమార్‌ను గ్రూపులోంచి తీసేశారు. తీసింది విజయసారథి వేలే.

మరునాడు పొద్దున బస్సులో ఆళ్లగడ్డ పోయారు. దారి పొడుగునా శ్రీవాణి కిటికీలోంచి ఎర్రనేలను చూస్తూ కూర్చుంది. అక్టోబరు మెయిల్ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆయన ఏదో ఒకటి చెప్పేవాడు. ఎత్తకపోవడంతో నలభై కిలోమీటర్లూ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

బస్టాండు వెనక సందులో కేంద్రం అట్లాగే ఉంది. బోర్డు తీసేశారు. బోర్డు ఉన్నచోట గోడ మీద తెల్లటి మచ్చ. గోదాముకు కాపలా ఉండే జకరయ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు. కేంద్రం ఉన్నప్పుడు కూడా ఆయనే ఉండేవాడు, గింజలు లెక్కపెట్టడంలో సాయం చేసేవాడు.

"రా సామీ. పాపను తోడుకోని వచ్చినారే. ఏంది పని?"

"ఊరికే చూద్దామని జకరయ్యా. ఆడ ఏంది వేలాడుతాండేది?"

వరండాలో కిటికీ ఊచలకు చిన్న చిన్న మూటలు కట్టి ఉన్నాయి. పాత చీర పీలికలు, ప్లాస్టిక్ కవర్లు, ఒకటి పిల్లల సాక్సు. ప్రతి మూటకూ ఒక కాగితం ముక్క దారంతో కట్టి ఉంది.

"విత్తనాలు సామీ. పరీచ్చకని తెస్తాండారు. మూసినారని చెప్తే కొందరు తిట్టి పోతారు. కొందరేమో, పేపర్లో ఉంది గదా, తెరుస్తారులే, తెరిచినప్పుడు ఇయ్యి అని పేరూ ఫోన్ నంబరూ రాసిచ్చి పోతారు. పారేయబుద్ధి కాల్యా. ఎలుకలు పడతాయని ఈడ కట్టినా."

శ్రీవాణి దగ్గరికి పోయి లెక్కపెట్టింది. పదకొండు.

"మరి ఆఫీసుకు చెప్పలేదా అన్నా?" అంది.

జకరయ్య ఆమె వంక చూసి, తర్వాత విజయసారథి వంక చూశాడు. "చెప్తి గదమ్మా. పోయిన సమ్మచ్చరం మహానందిలో కంపెనీ భోజనాలు పెట్టినప్పుడు సామికే చెప్తి. పేపర్లో ఏస్తాండారు, జనం వస్తాండారు సామీ, అది తీసేయండి అని. సామి నవ్వి, దాన్నెవురు సదువుతారు జకరయ్యా, అనె. నాకు సదువు రాదు గదా, నిజమేనేమో అనుకుంటి."

విజయసారథికి తల కొట్టేసినట్టయింది. గుర్తొచ్చింది. మహానందిలో అరిటాకు ముందు కూర్చున్నాడు. జకరయ్య వంగి చెవిలో చెప్పాడు. తను నవ్వాడు. పులిహోర బాగుందని కూడా అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ తలలోకి రాలేదు. ఇప్పుడది ఆ పులిహోర రుచితో సహా వచ్చింది.

అంటే మరిచిపోవడం కాదు ఇది. ఒకరు వచ్చి చెప్పారు, తను విన్నాడు, వినీ నవ్వాడు. ఆ నవ్వు తర్వాత కూడా ఏడుసార్లు ఆ వాక్యాన్ని పంపాడు. పైగా నిన్న తప్పు ఇంకొకరి మీదికి తోశాడు. శ్రీవాణి మొహం చూసే ధైర్యం లేక ఊచల దగ్గరికి పోయి మూటలు ఒక్కొక్కటే విప్పసాగాడు. కొన్నిటికి పురుగు పట్టి పిండి రాలుతోంది. వేరుశనగ, జొన్న, ఎక్కువ శనగ. కాగితాల మీద పేర్లు. ఒక దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో "జీవమ్మ. మూడు ఎకరాలు. తొందరగా చెప్పండి" అని ఉంది. తారీకు అక్టోబరు ఇరవై రెండు.

"ఈమె మూడుసార్లు వచ్చె సామీ" అన్నాడు జకరయ్య. "కోయిలకుంట్లకు ఆపక్క ఊరు. మూడోసారి మూట ఇచ్చి పోయె."

ఆ నంబరుకు విజయసారథి అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. అవతల ఒక ఆడమనిషి గొంతు, వెనక మేకల అరుపు.

"నేను విత్తనాల కంపెనీ నుంచమ్మా. మీరు ఆళ్లగడ్డలో శనగలు ఇచ్చినారు."

"తెరిచినారా సామీ?" అంది ఆమె వెంటనే.

"లేదమ్మా. అది మూసి రెండేండ్లయింది. పేపర్లో రాసింది తప్పు."

కోప్పడుతుందని ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండును.

"మూసినారా. జకరయ్యన్న చెప్తే నమ్మకపోతి. పేపర్లో అచ్చేసినోళ్లకు తెలియకుండా ఉంటాదా, నేనే సెలవు రోజులు చూసుకోకుండా వస్తాండానేమో అనుకుంటి" అంది. "మూడోసారి మంగళారం పోయినా, బేస్తారం కాకుండా. సరేలే సామీ. వాన పోతాదని విత్తేస్తి. సగం మొలవల్యా."

ఫోన్ పెట్టేశాక ఆయన వరండా మెట్టు మీద కూలబడ్డాడు. జకరయ్య చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. నవ్వినవాడికి నీళ్లు ఇస్తున్నాడీయన అని విజయసారథి అనుకున్నాడు. చెంబు పక్కన పెట్టాడు.

"పాపా" అన్నాడు కాసేపటికి. "అక్టోబరు మెయిల్ నీ దగ్గరుంది గదా."

"ఉంది సార్."

"నిన్న చూపించి ఉండాల్సింది."

శ్రీవాణి నేల చూసింది. "మీరే చెప్తారని, సార్" అంది.

మధ్యాహ్నం నంద్యాల చేరి ఇద్దరూ సరాసరి సందీప్ గదిలోకి పోయారు. విజయసారథి కూర్చోలేదు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో ఆయన నిలబడి మాట్లాడటం అదే మొదలు. "అజయ్ కుమార్ తప్పేం లేదప్పా. నేను పంపిందే వాడు వేసినాడు. జకరయ్య నాకు పోయినేడే చెప్పినాడు, నేను పట్టించుకోలేదు. నిన్న నీకు అబద్ధం చెప్పినా." పదకొండు మూటలూ సంచిలోంచి తీసి టేబుల్ మీద పెట్టాడు.

సందీప్ మూటల మీది కాగితాలు ఒక్కొక్కటే చదివాడు. చిన్నప్పుడు ఈయన దగ్గరే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. అందుకే తిట్టలేకపోయాడు. ఆఖరికి "అజయ్‌కు మీరే ఫోన్ చేయండి" అన్నాడు.

చేశాడు. అజయ్ కుమార్ విని, "అంతేనా సామీ? నేనేదో రాసి మీకు కోపం తెప్పించినాననుకుని రాత్రంతా పాత పేపర్లు తిరగేస్తి" అన్నాడు. తను చేసిన తప్పును ఇంకొకరు తమలో వెతుక్కోవడం, ఒక్క రోజులో ఇది రెండోసారి.

ఆ వారమంతా విజయసారథి, శ్రీవాణి తోక ముందేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్క వాక్యం మీదా ఆమె మూడే ప్రశ్నలు వేసేది. ఇది ఇవాళ్టికి నిజమేనా? ఎవరు చెప్పారు? కంపెనీ పేరు వినని మనిషికి ఇది కావాలా? మొదటి రోజు ప్రముఖ, అగ్రగామి పోయాయి. వాటిని ఎవరూ రుజువు చేయలేరు. రెండో రోజు ప్రశంసాపత్రాలు పోయాయి. అవి వచ్చిన రోజు వార్త, పదేళ్ల తర్వాత ఎవరికీ పట్టవు. శేషయ్య సన్మానం దగ్గర ఆయన పెన్ను ఆగింది. నాయన వాకిట్లో నిలబడి చూస్తున్నట్టనిపించింది. తర్వాత ఆలోచించుకుంటే తేడా ఎక్కడుందో తెలిసింది. స్వామి బిరుదులు మొన్నా నిజమే, రేపూ నిజమే. కంపెనీకి చెప్పేవి అట్లా కావు, ఒక తలుపు మూస్తే ఒక వాక్యం చస్తుంది. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇరవై రెండేళ్లూ, పదకొండు మూటలూ పట్టినందుకు ఆయనకు మళ్లీ సిగ్గేసింది. గీత కొట్టేశాడు.

రైతుల లెక్క తేల్చడానికి పొలం సిబ్బంది జాబితా తెప్పించారు. పన్నెండు వేలు, పద్దెనిమిది వేలు, ఇరవై ఐదు వేలు, ఇవేవీ ఎవరూ లెక్కపెట్టినవి కావు. సదస్సులకు వచ్చినవాళ్లనూ, ఒకసారి విత్తనం కొన్నవాళ్లనూ కలుపుకుంటూ పోయిన అంకెలు. కంపెనీ కోసం విత్తనం పండించేవాళ్లు ఆరువేల నాలుగు వందల మంది. పుట్టిన ఏడు రిజిస్ట్రేషన్ కాగితంలో చూశారు. చివరికి మిగిలింది ఇది.

"భవనాశి సీడ్స్ 1996 నుంచి నంద్యాల కేంద్రంగా శనగ, వరి, పత్తి విత్తనాలను తయారుచేసి అమ్ముతోంది. 2024 డిసెంబరు నాటికి నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల్లో 6,400 మంది రైతులు సంస్థ కోసం విత్తనం పండిస్తున్నారు. సంస్థకు నంద్యాలలో విత్తన శుద్ధి కర్మాగారం, పరీక్షశాల, ఆళ్లగడ్డలో గోదాము ఉన్నాయి."

మూడు వాక్యాలు, కింద ఒక ఫోన్ నంబరు. ఆ నంబరుకు శ్రీవాణి మూడు పూటలా చేసి చూసింది, మూడుసార్లూ ఎత్తారు. ఇంగ్లీషులోనూ అవే మూడు వాక్యాలు, ఒక్క అంకె తేడా లేకుండా. సందీప్ సంతకం పెట్టిన ఒకే ఫైలు, అందరూ అందులోంచే తీసుకోవాలి. పాత నోట్ తెరిచి పైది మార్చే పద్ధతికి ఆ రోజుతో స్వస్తి. వెబ్‌సైట్, బ్రోచర్, లెటర్‌హెడ్డు, అన్నిచోట్లా పాతవి చెరిపేశారు. మూడు నెలలకు ఒకసారి ప్రతి మాటనూ మళ్లీ చూసి తారీకు వేయాలి. ఉచితమని, రమ్మని పిలిచేవి ఏవైనా సరే తోకలో ఉండకూడదు. ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా అన్నది రాసి పై వార్తలోనే చెప్పాలి.

సందీప్ చదివి బాగుందన్నాడు. "ఇంక పాతది తీసేశాం, అంతటితో సరి."

"సరి కాదప్పా" అన్నాడు విజయసారథి. "ఉంది రమ్మని పద్నాలుగుసార్లు చెప్పినాం. లేదని ఒక్కసారన్నా చెప్పాల. నా పేరుతోనే రాస్తా."

సందీప్ కొంచెం నొచ్చుకున్నాడు, కంపెనీ పరువు అన్నాడు. టేబుల్ మీది మూటలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటి వంక చూసి సరేనన్నాడు. ఆళ్లగడ్డ పరీక్ష కేంద్రం 2022లోనే మూతపడిందని, ఆ సంగతి చెప్పకుండా, ఉందనే పొరపాటున రెండేళ్లు ప్రకటించామని, వచ్చి వెనక్కి పోయినవాళ్లను క్షమాపణ కోరుతున్నామని నోట్ వెళ్లింది. ఆఖరున కొత్త తోక. అజయ్ కుమార్ ఎప్పట్లాగే తలనుంచి తోకదాకా వేశాడు. చాలా ఏళ్లకు తోక వార్తకంటే చిన్నదిగా ఉంది.

ఆ వెంటనే మూటలన్నీ పరీక్షశాలకు పోయాయి. పురుగు తినని గింజలు ఏరి, నూరేసి లెక్కపెట్టి, తడి కాగితాల్లో చుట్టారు. ఎనిమిదో రోజు ఫలితాలు వచ్చాయి. పదిమందికి ఫోన్లలో చెప్పారు. పదకొండో కాగితం విజయసారథి జేబులో పెట్టుకుని కోయిలకుంట్ల బస్సెక్కాడు.

జీవమ్మ చేను ఊరి బయటే ఉంది. నల్లరేగడిలో శనగ మొలిచినచోట పచ్చగా, మొలవనిచోట నల్లగా, అతుకుల బొంత పరిచినట్టుంది. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. చేతిలో కలుపు తీసే కొడవలి. ఆయన ఇచ్చిన చీటీ తీసుకుని చదువుకుంది. నూటికి నలభై ఆరు.

"అక్టోబరులో తెలిసుంటే విత్తనం మార్చుకుంటుంటి" అంది. కోపంగా కాదు, చేనుకు చెప్పినట్టు చెప్పింది.

"నా తప్పే తల్లీ" అన్నాడు విజయసారథి. ఇంకేదో అందామని ఇంటినుంచి మాటలు కూర్చుకుని వచ్చాడు. చేను చూశాక అవన్నీ మానుకున్నాడు. అజయ్ కుమార్ పత్రిక తీసి ఇచ్చాడు.

ఆమె రవికలోంచి చిన్న పర్సు తీసి, అందులో మడిచిన పాత కాగితం బయటికి తీసింది. అక్టోబరు పత్రికలోంచి కత్తిరించుకున్న తోక. మడతలు నలిగి చిల్లులు పడ్డాయి. ఆళ్లగడ్డ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత. ఆయన రాసిన పేరాను ఇరవై రెండేళ్లలో ఒక మనిషి కత్తిరించి దాచుకోవడం అదే మొదటిసారి చూశాడు. గర్వపడాల్సిన చోట తల ఎత్తలేకపోయాడు.

ఆమె కొత్త పత్రికలో క్షమాపణ చదివింది. తర్వాత కింది మూడు వాక్యాలూ వేలు పెట్టి మెల్లగా చదివింది. "నంద్యాలలో పరీచ్చశాల ఉందని రాసినారే. ఇది సదివి ఎవురన్నా ఆడికి పోతే తలుపు తెరిచి ఉంటాదా?"

"ఉంటుంది తల్లీ."

"ముందు దాంట్లో కూడా ఉంటాదనే ఉన్నింది సామీ" అంది జీవమ్మ. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి మడిచి పర్సులో పెట్టుకుని, కలుపులోకి వంగింది.

విజయసారథి గట్టు మీదుగా బస్సుకు నడిచాడు.

మూడు నెలలయ్యాక ఏప్రిల్ ఒకటో తారీకున తోక మీద కొత్త తారీకు వేసే పని వచ్చింది. విజయసారథి గది కిటికీలోంచి చూస్తే పరీక్షశాల కనిపిస్తుంది, తలుపు తెరిచే ఉంది. అయినా లేచి, ఎండలో ఆవరణ దాటి పోయి, ఆ తలుపును చేత్తో ఒకసారి తోసి చూసి వచ్చాడు. అప్పుడు తారీకు మార్చాడు.